మాకప్‌లో మెరిసిన బంగారు అంచు అచ్చులో ఏమవుతుంది?

మా చెల్లెలి పెళ్లికి శుభలేఖ ఎంపిక మొత్తం ఫోన్‌లోనే జరిగింది. షాపు వాళ్లు వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపారు. మెరూన్ రంగు కార్డు, చుట్టూ సన్నటి బంగారు అంచు, పక్కన అదే రంగు కవరు, వెనక మసగ్గా ఒక ఇత్తడి దీపం. కార్డు మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో మన మ్యాటర్ వస్తుందన్నారు. ఇంట్లో అందరికీ నచ్చింది, అడ్వాన్స్ కట్టేశాం. పది రోజుల తర్వాత కట్టలు ఇంటికొచ్చాయి. విప్పి చూస్తే బంగారు అంచు ఉండాల్సిన చోట ఆవపిండి రంగు గీత ఉంది. ట్యూబ్‌లైటు కింద ఎటు తిప్పినా అదే రంగు. మెరుపన్నదే లేదు.

షాపుకి వెళ్లి అడిగితే, "మీరు ఓకే చేసిన డిజైనే కదండీ" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. గీత ఉన్న చోటే గీత ఉంది, పువ్వు ఉన్న చోటే పువ్వు ఉంది. మేము ఒప్పుకున్నది డిజైన్‌కి. ఫాయిల్ గురించి, అంటే కాగితం మీద అతికించే మెరిసే రేకు గురించి, ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఈ సంగతి పట్టుకుని ప్రెస్సుల చుట్టూ తిరిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఒకేలా కనిపించే బొమ్మ వెనక మూడు వేర్వేరు వస్తువులు

ఫోన్‌లోకి వచ్చే "అంచు మెరిసే ఖాళీ కార్డు" బొమ్మ నిజానికి మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

మొదటిది రెడీమేడ్ కార్డు ఫొటో. ఈ కార్డు నిజంగానే ఎక్కడో గోడౌన్‌లో ఉంది. అంచు మీద ఫాయిల్ ఎప్పుడో వేసేశారు, కవరు తయారైపోయింది, మధ్యలో మాత్రం ఖాళీ వదిలారు. శివకాశి లాంటి చోట్ల పెద్ద ఎత్తున ఇలా అచ్చు వేసి ఊరూరా షాపులకు పంపుతారు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో షాపు ముందు కూర్చుంటే ముందర పరిచే ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం ఇవే. వధూవరుల పేర్లు, ముహూర్తం, వేదిక ఆ ఖాళీలో ఇక్కడి ప్రెస్సులో అచ్చు వేసి ఇస్తారు.

రెండోది టెంప్లేటు. అంటే అచ్చుకు వెళ్లే డిజైన్ ఫైలు. ఇందులో బంగారం ఒక రంగు మాత్రమే. దాన్ని ఫాయిల్‌తో వేస్తారా, సిరాతో వేస్తారా అన్నది ఆ ఫైలు చెప్పదు, ప్రెస్సుతో మాట్లాడుకోవాలి.

మూడోది మాకప్. ఇది అసలు కార్డు కాదు, అచ్చు ఫైలు కూడా కాదు. కార్డు తయారైతే ఎలా ఉంటుందో చూపించే బొమ్మ. ఫొటోషాప్‌లో దీని ఫైలు తెరిస్తే కార్డు నీడ ఒక పొరలో, కాగితం గరుకు ఒక పొరలో, బంగారు మెరుపు ఇంకో పొరలో ఉంటాయి. మధ్యలో ఖాళీ చోటు `Your Design Here` లాంటి పేరుతో విడి పొరగా ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కి మన డిజైన్ పెట్టి సేవ్ చేస్తే, అది కార్డు వాలుకు తగ్గట్టు వంగి, నీడతో సహా కూర్చుంటుంది. రెండు నిమిషాల పని. అంచు మీద కనిపించే మెరుపు మాత్రం మన కార్డుది కాదు. ఎవరో ఎక్కడో తీసిన బంగారు రేకు ఫొటో ముక్కను గీత ఆకారంలో కత్తిరించి అక్కడ పెట్టారు.

మాకు వచ్చింది ఈ మూడోది. మేము మొదటిది అనుకున్నాం. చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే మొదలవుతుంది.

ఫాయిల్‌కీ బంగారు రంగు సిరాకీ తేడా

బంగారు ఫాయిల్‌లో బంగారం ఉండదు. దాదాపు 12 మైక్రాన్ల మందం ఉన్న పాలిస్టర్ ఫిల్మ్ మీద వరసగా కొన్ని పొరలు ఉంటాయి. ముందు, వేడి తగిలితే ఊడిపోయే మైనం లాంటి పొర. దాని మీద పసుపు రంగు లక్క పూత, దాని మీద అతి పలచటి అల్యూమినియం, చివర్లో జిగురు. పసుపు పూత లోంచి అల్యూమినియం మెరిస్తే మన కంటికి బంగారంలా కనిపిస్తుంది. ఆ పూత గులాబీ రంగుదైతే రోజ్ గోల్డ్, రంగే లేకపోతే వెండి.

కార్డు మీద ఏ ఆకారం మెరవాలో దాన్ని ముందు లోహంతో బ్లాకుగా చేస్తారు. మెగ్నీషియం బ్లాకు చవక, ఇత్తడిది ఖరీదు కానీ ఎక్కువ కాలం ఆగుతుంది. ఆ బ్లాకును సుమారు 100 నుంచి 150 డిగ్రీల దాకా వేడి చేసి, కార్డుకూ బ్లాకుకూ మధ్య ఫాయిల్ రీలు నడిపి నొక్కుతారు. నొక్కిన చోట జిగురు కరిగి కాగితానికి పట్టుకుంటుంది, మైనం పొర విడిచేస్తుంది, పైన ఉన్న ఫిల్మ్ రీలుతో పాటు వెళ్లిపోతుంది. కాగితం మీద మిగిలేది రంగు పూత, లోహం, జిగురు.

ఆఫ్‌సెట్ అనే మామూలు కలర్ ప్రింటింగ్‌లో ఇలాంటి లోహం ఎక్కడా లేదు. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల చుక్కలతోనే అన్ని రంగులూ రావాలి. బంగారం రంగు కావాలంటే పసుపు ఎక్కువ, మెజెంటా కొంచెం, సయాన్, నలుపు చిటికెడు కలుపుతారు. వచ్చేది ఆవపిండి రంగే. డిజైనర్లు ఆ గీతలో ఒక పక్క లేతగా, ఒక పక్క ముదురుగా రంగు మార్చి మెరుపు ఉన్నట్టు చూపిస్తారు. స్క్రీన్ మీద అది బాగానే నమ్మిస్తుంది, ఎందుకంటే స్క్రీన్ తనే వెలుగుతుంది. కాగితం వెలగదు, మీద పడ్డ వెలుతురునే తిరిగి పంపుతుంది.

చేతిలో కార్డు ఉంటే తేడా కనిపెట్టడానికి ఒక్క క్షణం చాలు. దీపం కింద వాలుస్తూ చూస్తే ఫాయిల్ ఒక కోణంలో తళుక్కుమంటుంది, ఇంకో కోణంలో దాదాపు నల్లబడుతుంది. సిరా బంగారం ఏ కోణంలోనూ మారదు. ఫొటోలో ఈ తేడా తెలియదు. కార్డును అటూ ఇటూ వాలుస్తూ తీసిన పది సెకన్ల వీడియోలో మాత్రం బాగా తెలుస్తుంది. రెడీమేడ్ కార్డయితే షాపు వాళ్లు ఆ వీడియో వెంటనే తీసి పంపగలరు. మాకప్ అయితే పంపడానికి వాళ్ల దగ్గర కార్డే ఉండదు.

ఈ రెండింటికీ మధ్యలో ఇంకొకటి ఉంది, లోహపు పొడి కలిపిన బంగారు సిరా. సన్నటి గుడ్డ లోంచి సిరా నొక్కే స్క్రీన్ ప్రింటింగ్‌లో దీన్ని ఎక్కువగా వాడతారు. నాలుగు రంగుల బంగారం కన్నా బాగుంటుంది, కొంచెం మిలమిల ఉంటుంది. కానీ ఫాయిల్‌లా అద్దంలా మెరవదు. "గోల్డ్ ప్రింటింగ్" అని రసీదు మీద రాస్తే అది ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు.

"ఫాయిల్ అంచు" అన్న మాటకు రెండు అర్థాలు

మన దగ్గర ఫాయిల్ అంచు అంటే దాదాపు ఎప్పుడూ కార్డు ముఖం మీద, అంచుకి కాస్త లోపలగా వేసిన బార్డర్. విదేశీ డిజైనర్లు చేసిన మాకప్‌లలో అదే మాట కార్డు మందానికి వేసిన బంగారాన్ని సూచిస్తుంది. అంటే కార్డును పక్క నుంచి చూస్తే కనిపించే ఆ సన్నటి గోడకు. కార్డులన్నీ కట్టగా పేర్చి, బిగించి, పక్కలకు ఫాయిల్ ఎక్కిస్తారు. పాత గ్రంథాల పేజీల అంచులకు బంగారం పూసిన పద్ధతే ఇది.

చిక్కంతా మందం దగ్గర వస్తుంది. పెళ్లి కార్డులకు మామూలుగా వాడే 300 జీఎస్‌ఎం కాగితం, అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగేది, అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మాకప్‌లో కార్డు చెక్క పలకలా రెండు మిల్లీమీటర్లు కనిపిస్తుంది, అందుకే బంగారు పక్క అంత ఘనంగా ఉంటుంది. అదే పని 300 జీఎస్‌ఎం కార్డుకి చేస్తే చేతిలో పట్టుకున్నవాళ్లు గమనించను కూడా గమనించరు. ఆ అందం కావాలంటే కాగితం దానికి రెట్టింపు బరువైనా ఉండాలి, లేదా రెండు మూడు షీట్లు అతికించాలి. అప్పుడు కార్డు మడత పడదు. మన శుభలేఖ ఎక్కువగా మడత కార్డు. కాబట్టి ఆ రకం అంచు విడి పలక లాంటి కార్డుకే నప్పుతుంది.

మధ్యలో ఖాళీ ఎందుకు వదులుతారు

ఖాళీ వదలడం డిజైన్ అందం కోసమే అనుకుంటాం కానీ దాని వెనక ఉన్న మొదటి కారణం డబ్బు. బ్లాకు చేయించడం, మెషీన్ మీద బిగించడం, వేడి, ఒత్తిడి సరిచూసుకోవడం ఒక్క కార్డుకైనా లక్ష కార్డులకైనా ఒక్కటే ఖర్చు. లెక్క కోసం ఆ ఖర్చు 3,000 రూపాయలు అనుకుందాం. మన ఒక్క పెళ్లికే 100 కార్డులు వేయిస్తే కార్డుకు 30 రూపాయలు దానికే పోతాయి. 600 వేయిస్తే 5 రూపాయలు. లక్ష కార్డుల మీద పరిస్తే 3 పైసలు. అందుకని అందరికీ పనికొచ్చే అంచు, వినాయకుడు, కలశం, పువ్వులు ఒకేసారి లక్షల్లో ఫాయిల్ వేసేస్తారు. ఒక్కో ఇంటికి మారేది మ్యాటర్ మాత్రమే, దాన్ని చవకైన పద్ధతిలో తర్వాత వేస్తారు. దీపావళికి, నూతన సంవత్సరానికి కంపెనీలు పంచే గ్రీటింగ్ కార్డుల్లో లోపలి పేజీ ఖాళీగా ఉండేదీ ఇందుకే. అక్కడ కంపెనీ పేరు, లోగో వస్తాయి.

రెండో కారణం సిరా. మామూలు ఆఫ్‌సెట్ సిరా కాగితంలోకి కొంత ఇంకుతూ ఆరుతుంది. ఫాయిల్ మీద ఇంకడానికి దారి లేదు. ఆరకుండా ఉండిపోయి చేతికి అంటుతుంది, లేదా పై కార్డు వెనక్కి అంటుకుంటుంది. అందుకే అక్షరాలు పడే చోట ఫాయిల్ లేకుండా చూస్తారు.

మూడోది కార్డు కదలడం. ఇది కాస్త నిదానంగా చూడాల్సిన విషయం. అంచు ఒకసారి, అక్షరాలు ఇంకోసారి, వేర్వేరు ఊళ్లలో వేర్వేరు మెషీన్ల మీద పడుతున్నాయి. రెండో అచ్చులో ప్రతి కార్డూ ఒక్కటే చోట కూర్చోదు. ఒక మిల్లీమీటరు అటో ఇటో జరగడం మామూలే. ప్రెస్సులో దీన్ని రిజిస్ట్రేషన్ తప్పడం అంటారు. ఇప్పుడు మ్యాటర్‌కీ బంగారు గీతకీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి. ఒక మిల్లీమీటరు జరిగితే ఒక పక్క 1, ఇంకో పక్క 3 అవుతుంది. మూడు రెట్ల తేడా, ఎవరి కంటికైనా వంకర అని తెలిసిపోతుంది. అదే సందు 10 మిల్లీమీటర్లు ఉంటే 9, 11 అవుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే తప్ప తెలియదు. మాకప్‌లో అక్షరాలు బంగారు గీతకు ఆనుకుని ఎంత ముచ్చటగా ఉన్నా, అచ్చు వేసే మనిషి వాటిని లోపలికి జరిపేది ఈ లెక్క తెలిసే.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో కొందరు ఫాయిల్ బార్డర్ ఉన్న ఖాళీ కార్డుల ప్యాకెట్ కొనుక్కుని, ఇంట్లోని ప్రింటర్‌తోనే మ్యాటర్ వేసుకుంటారు. గృహప్రవేశానికో, ఓణీల ఫంక్షన్‌కో ముప్పై నలభై కార్డులు చాలనుకుంటే అది తేలికైన దారే. చూసుకోవాల్సింది ప్రింటర్ రకం. లేజర్ ప్రింటర్ పొడిని కాగితం మీద కరిగించి అతికిస్తుంది. ఆ వేడికి కొన్ని ఫాయిల్‌లు మెత్తబడి లోపలి రోలర్‌కి అంటుకుంటాయి. లేజర్‌కి పనికొస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉన్న కార్డులే దానికి వాడతారు. ఇంక్‌జెట్‌లో వేడి బాధ లేదు కానీ, నున్నటి కోటింగ్ ఉన్న కార్డు మీద సిరా త్వరగా ఆరక అలుక్కుపోతుంది.

ముదురు రంగు కార్డు మీద తెల్ల అక్షరాలు

మాకప్‌లో అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది ఈ జంట దగ్గరే. మెరూన్ కార్డు, బంగారు అంచు, మధ్యలో తెల్లటి అక్షరాలు. స్క్రీన్ మీద చూస్తే పట్టుచీరలా ఉంటుంది. మాకప్‌లో తెలుపు వేయడం కష్టమేమీ కాదు, అదీ ఒక రంగే.

అచ్చులో నాలుగు సిరాల్లో తెలుపు లేదు. తెలుపు అంటే అక్కడ సిరా వేయకపోవడం, కింద ఉన్న తెల్ల కాగితం కనిపించడం. కాబట్టి తెల్ల కాగితం మీద మెరూన్ రంగు పరిచి అక్షరాల చోటు వదిలేస్తే తెల్ల అక్షరాలు వస్తాయి. రెడీమేడ్ కార్డు అప్పటికే మెరూన్ రంగులో ఉంటుంది. దాని మీద "తెలుపు" అచ్చు వేయమంటే ఆఫ్‌సెట్ మెషీన్ ఏమీ వేయదు. మామూలు ఆఫ్‌సెట్ సిరాలు పారదర్శకం కూడా, అంటే కింది రంగు వాటిలోంచి కనిపిస్తుంది. మెరూన్ మీద పసుపు వేస్తే అది మెరూన్‌లో కలిసిపోతుంది తప్ప పసుపుగా నిలవదు.

దీనికి మన ప్రెస్సుల్లో ఉన్న జవాబు స్క్రీన్ ప్రింటింగ్. బిగించి కట్టిన సన్నటి గుడ్డ లోంచి రబ్బరు పట్టీతో సిరాను కిందికి నొక్కుతారు. ఆ సిరా చిక్కగా, మందంగా పడుతుంది, కింది రంగును కప్పేస్తుంది. ముదురు కార్డుల మీద బంగారు రంగు అక్షరాలు తడిమితే చేతికి తగులుతుంటాయి, అవి ఇలా వచ్చినవే. ఆరడానికి సమయం పడుతుంది కాబట్టి కార్డులు ఒక్కొక్కటిగా ర్యాకుల మీద పరుస్తారు. 500 కార్డులకు రెండు వైపులా, కవరు మీద కూడా వేయాలంటే అది ఒక పూటలో తెమిలే పని కాదు. పెళ్లి సీజన్‌లో ఆలస్యం ఎందుకవుతుందో ఆ ర్యాకులు చూస్తే అర్థమవుతుంది.

ఖాళీలో తెలుగు మ్యాటర్ పడుతుందా: ఒక లెక్క

మాకప్‌లలో మధ్యలో సాధారణంగా రెండు ఇంగ్లిష్ పేర్లు, మధ్యలో ఒక "అండ్", కింద ఒక తేదీ ఉంటాయి. చుట్టూ బోలెడు ఖాళీ. ఆ ఖాళీయే దాని అందం. మన శుభలేఖ మ్యాటర్ వేరు. లెక్క వేసి చూద్దాం.

కార్డు 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు, అంటే 127, 178 మిల్లీమీటర్లు. కార్డు అంచు నుంచి ఫాయిల్ గీతకు 7, గీత మందం 2, గీత నుంచి అక్షరాలకు 8 మిల్లీమీటర్లు వదిలితే ఒక్కో పక్క 17 పోతుంది. మిగిలేది 93 వెడల్పు, 144 ఎత్తు. పైన వినాయకుడి బొమ్మకు 25 తీసేస్తే అక్షరాలకు 119 మిల్లీమీటర్లు.

పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కోకుండా చదవాలంటే 11 పాయింట్ల అక్షరం ఉండాలి. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి పంక్తికీ పంక్తికీ ఇంగ్లిష్ కన్నా ఎక్కువ ఎడం కావాలి. 18 పాయింట్లు ఇచ్చామనుకుందాం, అంటే 6.35 మిల్లీమీటర్లు. 119లో అలాంటివి 18 పంక్తులు పడతాయి.

ఇప్పుడు మ్యాటర్. "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఒక పంక్తి, ఇలవేల్పు పేరు ఒకటి. తాతా నాయనమ్మల ఆశీస్సులకు రెండు. సంవత్సరం, మాసం, తిథి, వారానికి మూడు. నక్షత్రం, లగ్నం, ముహూర్త సమయానికి రెండు. వధువు పేరు, పరిచయం రెండు, వరుడి పేరు, తల్లిదండ్రులు, ఊరు మూడు. రావలసిందిగా కోరే మాటలు మూడు. కల్యాణ వేదిక మూడు, విందు ఒకటి, ఆహ్వానించువారు మూడు, "బంధుమిత్రుల అభినందనలతో" ఒకటి. మొత్తం 25. వధూవరుల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి కాబట్టి ఇంకో రెండు పంక్తుల చోటు. భాగాల మధ్య గాలి ఆడటానికి నాలుగు. లెక్క 31కి చేరింది, మనకున్నవి 18.

అక్షరాన్ని 9 పాయింట్లకు, ఎడాన్ని 14కి తగ్గించినా 24 పంక్తులే పడతాయి. అప్పటికీ చాలదు, చదవడం కూడా కష్టం. మన కార్డులు రెండు మూడు ఆకులతో ఉండటానికి ఇదే కారణం. పైన ఫాయిల్ వేసిన అట్ట, లోపల మ్యాటర్‌కి విడి కాగితాలు. పలక లాంటి ఒంటి కార్డు మాకప్ చూసి మనసు పడ్డవాళ్లు రెండిట్లో ఒకటి వదులుకోవాలి. మ్యాటర్ తగ్గించడమో, ఆకు చేర్చడమో. ఇంట్లో పెద్దల పేర్లు తీసేయడం ఎంత తేలికో మీకూ తెలుసు.

ఫాయిల్‌లో తెలుగు అక్షరాలు పూడిపోవడం

కొందరు మ్యాటర్‌లో పై పంక్తి, వధూవరుల పేర్లు కూడా ఫాయిల్‌లోనే కావాలంటారు. దానికి తమ పేర్లతో సొంత బ్లాకు కావాలి, ఖర్చు సంగతి పైన చూశాం. ఇంకో సంగతి అక్షరాల ఆకారం.

బ్లాకు వేడి కాస్త ఎక్కువైనా, నొక్కు కాస్త గట్టిగా పడినా ఫాయిల్ గీతలు ఒళ్లు చేస్తాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు గీతల మధ్య సందు మూసుకుపోతుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో అలాంటి సందులు తక్కువ. తెలుగులో "అవిఘ్నమస్తు" తీసుకోండి. ఆ "ఘ్న"లో పక్కపక్కనే కొమ్ములు, పైన తలకట్టు, ఒక చుక్కంత ఖాళీ, కింద నావత్తు. 11 పాయింట్లలో ఆ ఖాళీ పావు మిల్లీమీటరు కూడా ఉండదు. ఫాయిల్‌లో అది పూడిపోయి ఒక బంగారు మచ్చ అవుతుంది. "క్ష", "జ్ఞ", "స్త్ర"లదీ అదే సమస్య. వేడి తగ్గిస్తే సందులు తెరుచుకుంటాయి కానీ సన్నటి గీతలు అక్కడక్కడ అంటుకోక తెగిపోతాయి. గరుకు కాగితం మీద, చేతి తయారీ కాగితం మీద ఇంకా ఎక్కువ తెగుతాయి, ఎందుకంటే గుంతల్లోకి బ్లాకు ఆనదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఫాయిల్‌కి 16, 18 పాయింట్లకు తక్కువ కాని, ఒకే మందంగా ఉండే ఫాంటు ఎంచుకుంటారు.

మాకప్ దశలోనే కనిపించే ఇంకో దోషం ఉంది. ఇతర రాష్ట్రాల, దేశాల డిజైనర్లు చేసిన బొమ్మల్లో "శ్రీ" విడిపోయి శ పక్కన పొల్లు, ఆ పక్కన రీ కనిపిస్తుంటాయి. వత్తులు కిందకు చేరకుండా పక్కన కూర్చుంటాయి. ఫొటోషాప్‌లో భారతీయ భాషలకు తగిన టెక్స్ట్ అమరిక ఎంచుకోకుండా యూనికోడ్ తెలుగు అతికిస్తే పాత వెర్షన్లలో ఇలా జరుగుతుంది. మన డీటీపీ వాళ్లలో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు. అవి యూనికోడ్ కావు. వాటిలో ఈ విరుపు రాదు, కానీ మనం ఫోన్‌లో టైపు చేసి పంపిన మ్యాటర్ అందులోకి నేరుగా ఎక్కదు. మార్చాలి, లేదా ఆపరేటర్ మళ్లీ టైపు చేయాలి. పేరులో దీర్ఘం పోవడం, ఊరు పేరు మారడం ఆ అడుగులోనే జరుగుతాయి. వాలుగా పెట్టిన మాకప్ బొమ్మలో అవి కనిపించవు. బల్లపరుపుగా, అసలు కొలతలో కాగితం మీద తీసిన ప్రూఫ్‌లో కనిపిస్తాయి.

కవరు మీద పేరు రాయడం

మాకప్‌లో కవరు పక్కన అలంకారంగా ఉంటుంది. ఇంట్లో దాని మీద ఐదొందల పేర్లు రాయాలి. మెటాలిక్ కాగితం మీద, లామినేషన్ చేసిన కవరు మీద బాల్ పెన్ను జారిపోతుంది, జెల్ పెన్ను ఆరక బొటనవేలికి అంటుతుంది. ముదురు రంగు కవరు మీద నీలం సిరా కనిపించదు. మంచి రెడీమేడ్ సెట్లలో కవరు ముందు భాగంలో లేత రంగు గడి ఒకటి ఫాయిల్ లేకుండా వదులుతారు, "శ్రీమతి & శ్రీ" అని రాయడానికి. ఆ గడి ఉందో లేదో మాకప్‌లో చూసుకునేవాళ్లు తక్కువ.

మాకప్ చూపించడం తప్పా?

దీని మీద రెండు వైపులా నిజమైన వాదనలున్నాయి. డిజైనర్లు అంటారు: ఫాయిల్‌తో నిజమైన శాంపిల్ చేయాలంటే బ్లాకు చేయించాలి, ఒక్క కార్డుకు ఆ ఖర్చు ఎవరు పెడతారు? పది డిజైన్లు చూపించి ఒకటి ఎంచుకోవడానికి మాకప్ తప్ప దారి లేదు. అది న్యాయమైన మాటే. కాకినాడలో అమ్మాయి, డల్లాస్‌లో అబ్బాయి ఉంటే ఆల్బమ్ తీసుకెళ్లి చూపించేదెలా?

కొనేవాళ్ల మాట ఇంకోలా ఉంది. మాకప్ చూపేది కార్డు కాదు, కార్డు మీద ఆశ. మందం ఎక్కువ, వెలుతురు ఎక్కువ, మ్యాటర్ తక్కువ. వీటిలో ఒక్కటైనా మార్చి చెప్పకపోతే కొన్నవాళ్లకి తెలిసే దారి లేదు. నాకు ఈ రెండో వాదన బలంగా అనిపిస్తుంది, మా ఇంట్లో జరిగింది కాబట్టే కాదు. బొమ్మ కింద "అంచు ఫాయిల్ కాదు, ప్రింట్" అని నాలుగు మాటలు రాస్తే డిజైనర్‌కి పోయేదేమీ లేదు. కొందరు రాస్తున్నారు కూడా.

ఫాయిల్ అసలు అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు, పర్యావరణం పేరు చెప్పి. ఇక్కడా రెండు రకాలను విడదీయాలి. బ్లాకుతో నొక్కిన ఫాయిల్‌లో ప్లాస్టిక్ ఫిల్మ్ రీలుతో వెళ్లిపోతుంది, కార్డు మీద మిగిలేది చాలా పలచటి పొర. కాగితం గుజ్జు చేయడానికి అది పెద్ద అడ్డు కాదు. ఆ ఖాళీ ఫిల్మ్ రీళ్లు మాత్రం ప్రెస్సులో చెత్తగా మిగులుతాయి. కార్డంతా మెరిసేలా మెటాలిక్ ప్లాస్టిక్ షీటు అతికించిన రకంలో ఆ ప్లాస్టిక్ కార్డుతోనే ఉండిపోతుంది, గుజ్జులో కలవదు.

నాలుగు మూలలూ పసుపూ

ఏ మాకప్‌లోనూ కనిపించని పని ఒకటి చివర్లో ఉంటుంది. కార్డులు ఇంటికి రాగానే నాలుగు మూలలకూ పసుపు పెట్టి మొదటి కార్డు దేవుడి దగ్గర ఉంచుతాం. ఫాయిల్ బార్డర్‌లో బంగారం ఎక్కువగా పోగయ్యేది సరిగ్గా ఆ మూలల్లోనే, లతలు, మామిడి పిందెలు అక్కడే వేస్తారు. తడి పసుపు కాగితానికి పట్టినట్టు రేకుకి పట్టదు. ఆరాక పొలుసులా రాలి కవరు అడుగున చేరుతుంది.

మా చెల్లెలి కార్డుల్ని మళ్లీ వేయించే సమయం లేదు, అవే పంచాం. అమ్మ వాటికి పసుపు పెడుతుంటే మూలల్లో శుభ్రంగా నిలిచింది, అక్కడ ఉన్నది ఉత్త సిరాయే కాబట్టి. ఆ తర్వాతి ఏడాది మా పెదనాన్న గారి అబ్బాయి పెళ్లికి ఆల్బమ్‌లో రెడీమేడ్ కార్డు చేత్తో వాల్చి చూసి తీసుకున్నాం. దాని బార్డర్ మూలల దగ్గర ఆగిపోయి, ఒక్కో మూలలో అంగుళం మేర ఉత్త కాగితం వదిలి ఉంది. ఎందుకలా వదిలారని అడిగితే షాపాయన ఆ మూల మీద వేలు పెట్టి, "పసుపుకండీ" అన్నాడు.